నాలుగో తరగతి బాబుకు కుడి చెవి వినపడట్లేదు, మిషన్ పెట్టినా తేడా లేదు. ఎవరికైనా అనుభవం ఉందా?

రేణిగుంట_అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకు తొమ్మిదేళ్ళు, తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. మాటలు అందరు పిల్లల్లాగే వచ్చాయి, కథలు బాగా చెప్తాడు, పాటలు పాడతాడు. కానీ పోయిన ఏడాది నుంచి బడిలో ఒకటే కంప్లయింట్. పిలిస్తే పలకడు, ధ్యాస లేదు, డిక్టేషన్‌లో ఒకరోజు ఇరవైకి ఇరవై వస్తే మర్నాడు ఎనిమిది వస్తాయి అంటున్నారు. ఇంట్లో మాత్రం పక్క గదిలోంచి పిలిచినా పలుకుతాడు. అందుకే చెవి అనే ఆలోచనే రాలేదు.

ఈమధ్య వాళ్ళ నాన్న ఊరి నుంచి ఫోన్ చేస్తే, వాడి చేతిలో గాలిపటం ఉందని నేనే ఫోన్ కుడి చెవి దగ్గర పెట్టాను. "నాన్న ఏం మాట్లాడట్లేదు" అన్నాడు. ఎడమ చెవికి మార్చగానే గలగలా మాట్లాడేశాడు.

ఒక సెంటర్లో పరీక్ష చేయించాం. ఎడమ చెవి మామూలుగానే ఉందట, కుడి చెవికి 60 డెసిబెల్ లోపం ఉందన్నారు. మిషన్ పెడితే సరిపోతుందంటే కొన్నాం. వాడు పెట్టుకోనని ఏడుస్తాడు. "చెవిలో ఏదో అదురుతోంది, మాట రావట్లేదు" అంటాడు. బలవంతం చేయాలా, మానేయాలా తెలియడం లేదు.

చంద్రగిరి_కోట

అక్కా, మీరు టెన్షన్ పడొద్దు. ఒక చెవి బాగుంటే రెండోది లేని లోటు తెలియదు. మా ఆఫీసులో ఒకాయనకు చిన్నప్పటి నుంచి ఒక చెవే. ఆయన చెప్పేదాకా మాకెవరికీ తెలియలేదు, ఆయన డిగ్రీ దాకా చదివారు కూడా. మొదటి బెంచీలో కూర్చోబెట్టమనండి, అయిపోతుంది. మిషన్ అలవాటు కావడానికి ఎవరికైనా కొన్ని నెలలు పడుతుంది, ఓపికగా పెట్టించండి.

పలమనేరు_పాడి

మా పాపకూ ఇదే సమస్య అక్కా. ఎడమ చెవి నుంచి చీము కారుతూ ఉంటుంది, అప్పుడు సరిగా వినపడదు. మా అత్త వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేస్తుంది, నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. మీరూ వేసి చూడండి.

చెవి_పరీక్ష_చిత్తూరు

నేను ఆడియాలజిస్ట్‌ని, చిత్తూరులో పని చేస్తాను. ముందు పలమనేరు వారికి: అమ్మా, చీము కారే చెవిలో కర్ణభేరికి చిల్లు ఉండే అవకాశం ఎక్కువ. నూనె ఆ చిల్లులోంచి లోపలికి పోతుంది. నూనె ఆపేయండి, తలస్నానం చేయించేటప్పుడు వాజలిన్ రాసిన దూది పెట్టి నీళ్ళు పోకుండా చూడండి, త్వరగా ఈఎన్‌టీ డాక్టర్ చేత శుభ్రం చేయించి చూపించండి. చీము దుర్వాసన వస్తుంటే అసలు ఆలస్యం చేయొద్దు, ఎముకను తినేసే రకం కావచ్చు. మీ పాప సంగతి వేరు, ఈ బాబు సంగతి వేరు.

రేణిగుంట అమ్మగారూ, మీరు చెప్పిన వివరాలు నాకు పొసగడం లేదు. 60 డెసిబెల్ లోపం ఉన్న చెవికి సరిగ్గా అమర్చిన మిషన్ పెడితే మాట వినపడి తీరాలి. మొదట్లో చిరాకు ఉంటుంది కానీ "మాట రావట్లేదు" అనడు. రిపోర్టు చేతిలో పెట్టుకుని నాలుగు సంగతులు చెప్పండి. గ్రాఫులో కుడి చెవికి ఎర్రటి సున్నాలు ఉన్నాయా, ఎర్రటి త్రిభుజాలు ఉన్నాయా? ఎడమ చెవి గీతకూ కుడి చెవి గీతకూ మధ్య దూరం ఎంత? చెవి వెనక ఎముక మీద పెట్టి చూసిన పరీక్ష ఫలితం ఎంత? చెవిలో గాలి ఒత్తిడి పెట్టి చూసే పరీక్షలో 'ఏ' టైపు అని ఉందా, 'బి' టైపు అని ఉందా?

రేణిగుంట_అమ్మ

అన్నీ సున్నాలే సార్, త్రిభుజం ఒక్కటీ లేదు. ఎడమ చెవికి అన్ని చోట్లా 5, 10 ఉంది. కుడి చెవికి 55, 60, 60, 65 ఉంది. గీతలు రెండూ ఒకే తీరుగా పోతున్నాయి. ఎముక పరీక్షలో కుడి వైపు 10 అని ఉంది. గాలి పరీక్ష రెండు వైపులా 'ఏ' టైపు.

చెవి_పరీక్ష_చిత్తూరు

అనుకున్నదే. అమ్మా, ఆ 60 బహుశా కుడి చెవిది కాదు, ఎడమ చెవిది.

ఎలాగో చెప్తాను. హెడ్‌ఫోన్ కుడి చెవి మీద పెట్టి శబ్దం పెంచుకుంటూ పోతాం. కుడి చెవి అసలు వినకపోయినా, శబ్దం 50, 60 డెసిబెల్ దాటేసరికి పుర్రె ఎముక గుండా అదురు అవతలికి పోయి, బాగున్న ఎడమ చెవికి అందుతుంది. పిల్లవాడికి శబ్దం వినపడింది కాబట్టి నిజాయతీగా చెయ్యి ఎత్తుతాడు. మనం కుడి చెవి 60 దగ్గర విన్నదని రాసుకుంటాం. మీ రిపోర్టులో కుడి గీత ఎడమ గీతకు 50, 55 కింద, అదే తీరుగా నడుస్తోందంటే అది ఎడమ చెవి నీడే. ఎముక పరీక్షలో అంత పెద్ద శబ్దం కూడా అక్కర్లేదు. కుడి వైపు పెట్టినా అదురు వెంటనే ఎడమ లోపలి చెవికి చేరుతుంది, అందుకే 10 వచ్చింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కర్ణభేరి వెనకో చిన్న ఎముకల్లోనో అడ్డు ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మీ గాలి పరీక్ష 'ఏ' టైపు, అంటే కర్ణభేరి చక్కగా కదులుతోంది, వెనక నీరు లేదు. ఈ రెండూ ఒకదానికొకటి కుదరడం లేదు.

దీన్ని తేల్చాలంటే కుడి చెవి పరీక్ష చేస్తున్నంతసేపూ ఎడమ చెవికి హోరు శబ్దం వినిపిస్తూ దాన్ని పనిలో పెట్టాలి. దీన్నే మాస్కింగ్ అంటాం. అలా చేసిన ఫలితాన్ని త్రిభుజంతో గుర్తిస్తాం. మీ కాగితంలో త్రిభుజం లేదంటే అది జరగలేదు. చిన్నపిల్లలతో కష్టమే. "హోరును పట్టించుకోకు, సన్నటి కూత వస్తేనే చెయ్యి ఎత్తు" అంటే అయిదేళ్ళవాడు గందరగోళపడతాడు, టైం పడుతుంది, అందుకే చాలాచోట్ల వదిలేస్తారు. మీ వాడికి తొమ్మిదేళ్ళు, చేయగలడు. మళ్ళీ పరీక్ష చేయించే దాకా మిషన్ తీసి పక్కన పెట్టండి, బలవంతం వద్దు.

ఈలోగా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ట్యూనింగ్ ఫోర్క్ నుదుటి మధ్య పెట్టి ఏ వైపు వినపడుతోందో అడుగుతారు. అడ్డు వల్ల వచ్చిన లోపమైతే పాడైన చెవి వైపే గట్టిగా వినపడుతుంది. లోపలి చెవి, నరం దెబ్బతింటే బాగున్న వైపు వినపడుతుంది.

చంద్రగిరి_కోట

సార్, మీరు చెప్పింది అర్థమైంది. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఇంట్లో పక్క గది నుంచి పిలిస్తే పలుకుతున్నాడు కదా. ఆ ఒక్క చెవితో పని నడుస్తున్నట్టే కదా?

బడిపంతులమ్మ

దీనికి నేను చెప్తాను. శ్రీకాళహస్తి దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఇంటికీ బడికీ పోలికే లేదు. మా గదిలో ముప్ఫై ఎనిమిది మంది, రెండు ఫ్యాన్లు, పక్కనే రోడ్డు, గోడ అవతల మూడో తరగతి ఎక్కాలు చదువుతుంటారు. రెండు చెవులూ బాగున్న పిల్లలు ఆ గోలలోంచి నా గొంతు ఏరుకుంటారు. ఒక చెవితో ఏరుకోవడం చాలా కష్టం, ఎందుకంటే శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో ఒక చెవికి సరిగా తెలియదు.

నా దగ్గర ఇలాంటి పాప ఒకతె ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే ముందు గదంతా చూసేది, మాట్లాడేది ఎవరో కనిపెట్టేలోపు ప్రశ్న సగం అయిపోయేది. చూసేవాళ్ళకు దిక్కులు చూస్తున్నట్టే ఉండేది. ఆ పాప డిక్టేషన్ పుస్తకం తెరిచి చూస్తే తప్పులకు ఒక వరస కనిపించింది. 'కల' అంటే 'తల' అని, 'పాలు' అంటే 'కాలు' అని రాసింది. అచ్చులు సరిగ్గానే పడ్డాయి, మొదటి హల్లు మారిపోయింది. చదువు రాని పిల్ల అయితే గుణింతం కూడా తప్పుతుంది కదా. పైగా తప్పులన్నీ పేజీలో ఒకచోట గుంపుగా ఉండేవి. నేను చదువుతూ బెంచీల మధ్య నడుస్తాను. ఆ పాపకు వినపడని వైపు ఉన్నప్పుడు చెప్పిన మాటలవి.

చెవి_పరీక్ష_చిత్తూరు

మేడమ్ కరెక్టుగా పట్టుకున్నారు. అవతలి వైపు నుంచి వచ్చే శబ్దానికి తల అడ్డం పడుతుంది. అచ్చుల్లాంటి బండ శబ్దాలు తల చుట్టూ తిరిగి వస్తాయి. క, త, ప, స లాంటి హల్లులను విడగొట్టి చెప్పే సన్నటి శబ్దాలు మాత్రం 15, 20 డెసిబెల్ దాకా తగ్గిపోతాయి. నిశ్శబ్దంలో ఆ తగ్గిన దానితోనూ నెట్టుకొస్తాడు. ఫ్యాన్ల మోతలో అది మునిగిపోతుంది. అందుకే ఇంట్లో వినేవాడు బడిలో వినడు, ఒకరోజు ఇరవై మార్కులు, ఇంకోరోజు ఎనిమిది.

చంద్రగిరి గారి మాటలో నిజం లేకపోలేదు. ఒక చెవితోనే మాటలు వస్తాయి, చాలామంది బాగా చదువుకుంటారు కూడా. కానీ అందరూ కాదు. 1980లలో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి పిల్లల్ని పరిశీలిస్తే మూడో వంతు మంది ఏదో ఒక తరగతి తప్పి మళ్ళీ చదివినట్టు తేలింది. అంతకుముందు డాక్టర్లు కూడా "ఒక చెవి చాలు" అనే చెప్పి పంపేవారు. మన దగ్గర చిన్న తరగతుల్లో ఫెయిల్ చేసి ఆపడం పెద్దగా లేదు కాబట్టి వెనకబడ్డా ఎవరికీ కనపడదు.

కుప్పం_రైలు

నాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఏడేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి, తగ్గాక ఎడమ చెవి పోయింది. మా ఇంట్లో పదో తరగతి దాకా ఎవరికీ తెలియదు, ఎవరైనా చెబితే కదా. నాకైతే అందరికీ ఇలాగే ఉంటుందేమో అనిపించేది. నాకు గుర్తున్నది చదువు కన్నా అలసట. నాలుగింటికి బడి నుంచి రాగానే తలనొప్పి, ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ణి. రోజంతా అందరి మూతులు చూస్తూ, వినపడని మాటల్ని ఊహించుకుంటూ కూర్చుంటే ఇంకేం మిగులుతుంది? ఆటల్లో బంతి నాకు వేస్తున్నారని అరిచినా ఏ వైపో తెలిసేది కాదు, అందుకని నన్ను చేర్చుకోవడం మానేశారు.

ఇప్పటికీ రోడ్డు దాటేటప్పుడు ఎడమ వైపు బండి హారన్ కూడా కుడి వైపు నుంచి వచ్చినట్టే ఉంటుంది. మీ బాబుకు రోడ్డు విషయం ఇప్పటి నుంచే నేర్పించండి అక్కా. చెవిని నమ్మకూడదు, రెండు వైపులా తల తిప్పి చూసే దాటాలి.

నగరి_నాన్న

గవదబిళ్ళలకు టీకా ఉంది కదా అన్నా? మా పాపకు అన్నీ వేయించాం, ప్రభుత్వ ఆసుపత్రిలోనే.

చెవి_పరీక్ష_చిత్తూరు

ప్రభుత్వ టీకాల్లో ఇచ్చేది తట్టు, రుబెల్లాకే. గవదబిళ్ళలు కూడా కలిసిన టీకా ప్రైవేటులో వేయించుకోవాలి, పిల్లల డాక్టర్‌ని అడగండి. గవదబిళ్ళలు వచ్చిన పిల్లల్లో చెవి పోయేది అరుదే. కానీ పోతే ఎక్కువగా ఒకే చెవి, అదీ ఒక్కసారిగా, పూర్తిగా పోతుంది. వాపు తగ్గాక ఒక్కో చెవికి ఫోన్ పెట్టి చూడటం మంచిది.

రేణిగుంట_అమ్మ

అందరికీ థాంక్స్. నిన్న వేరే చోట పరీక్ష మళ్ళీ చేయించాం. ఎడమ చెవిలో హోరు పెట్టి చేశారు. సార్ చెప్పినట్టే అయింది. కుడి చెవికి యంత్రం ఇవ్వగలిగినంత శబ్దం ఇచ్చినా వాడు చెయ్యి ఎత్తలేదు. ఫోర్క్ నుదుటి మీద పెడితే "ఈ పక్క" అని ఎడమ చెవి చూపించాడు. ఆ చెవిలో వినికిడి లేదు, మామూలు మిషన్ పని చేయదు అని స్పష్టంగా రాసిచ్చారు. బాధగా ఉంది, కానీ వాడు చెప్పింది నిజమని తెలిసింది. మిషన్ పెట్టుకోవక్కర్లేదంటే వాడి మొహం వెలిగిపోయింది.

ఎమ్మారై తీయించమన్నారు. చేయించాలా? ఇక బడిలో ఏం చేయాలి? మొదటి బెంచీ అడిగితే చాలా?

నగరి_నాన్న

సదరం క్యాంపుకు తీసుకెళ్ళండి అక్కా, సర్టిఫికెట్ వస్తే పెన్షన్ వస్తుంది. టీటీడీ వాళ్ళ శ్రవణం కూడా తిరుపతిలోనే ఉంది కదా, అక్కడ చేర్చొచ్చు.

చెవి_పరీక్ష_చిత్తూరు

నగరి గారూ, ఆ రెండూ ఈ బాబుకు వర్తించవు. శ్రవణం, బధిర పాఠశాల రెండు చెవులూ వినపడని పిల్లల కోసం. ఈ బాబు మామూలు బడిలోనే ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా వినికిడి లోపం అంటే రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్ పైన ఉండాలి. శాతం లెక్క కట్టేటప్పుడు బాగున్న చెవికి అయిదు వంతులు, పాడైన చెవికి ఒక వంతు విలువ ఇస్తారు. ఒక చెవి పూర్తిగా పోయినా 17 శాతం దాటదు, కావలసింది 40. అయినా డాక్టర్ రాసిచ్చిన కాగితం బడికి ఇవ్వడానికి పనికొస్తుంది.

ఎమ్మారై విషయంలో డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ వైపు వినికిడి నరం సన్నగా ఉంటుంది లేదా ఉండదు. అది తెలిస్తే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆలోచన చేయాలో వద్దో తేలుతుంది. నరం లేకపోతే ఇంప్లాంట్ పెట్టినా ప్రయోజనం ఉండదు. ఇంకో కారణం, లోపలి చెవిలో ఒక నాళం వెడల్పుగా ఉండే పిల్లలున్నారు. వాళ్ళకు తలకు దెబ్బ తగిలితే వినికిడి ఇంకా పడిపోవచ్చు, అది రెండో చెవిలోనూ ఉండొచ్చు. ఆ ఒక్క చెవిని కాపాడుకోవడానికైనా స్కాన్ మంచిదని నా అభిప్రాయం. సీటీ చాలా, ఎమ్మారై కావాలా అన్నది మీ ఈఎన్‌టీ డాక్టర్‌తో మాట్లాడండి. చిత్తూరు వైపు వాళ్ళు వేలూరు సీఎంసీకి వెళ్తుంటారు, మీకు రుయా, స్విమ్స్ దగ్గర.

చంద్రగిరి_కోట

ఒక చెవికి కూడా ఇంప్లాంట్ పెడతారా సార్?

చెవి_పరీక్ష_చిత్తూరు

అమెరికాలో 2019లో అయిదేళ్ళు నిండిన పిల్లలకు ఒక చెవి పోయినా అనుమతి ఇచ్చారు. మన దగ్గర ప్రభుత్వ పథకాల్లో రెండు చెవులూ వినపడని చిన్నపిల్లలకే ఇస్తారు, సొంతంగా అంటే లక్షల్లో పని. పైగా ఆ చెవి ఎన్నేళ్ళుగా వినడం లేదన్నది ముఖ్యం. పుట్టుక నుంచీ లేకపోతే తొమ్మిదేళ్ళకు పెట్టడం వల్ల ఎంత లాభమో గట్టిగా చెప్పలేం. పాడైన చెవి దగ్గర మైక్ పెట్టి శబ్దాన్ని బాగున్న చెవికి పంపే రకం మిషన్ కూడా ఉంది. కానీ గోల ఆ పాడైన వైపే ఉంటే దాన్నీ తెచ్చి మంచి చెవిలో పోస్తుంది, క్లాసులో అది నష్టమే. నేను ఈ వయసు పిల్లలకు టీచర్ మెడలో మైక్, పిల్లవాడి మంచి చెవి దగ్గర చిన్న రిసీవర్ ఉండే పద్ధతినే ఇష్టపడతాను. టీచర్ గది చివర ఉన్నా గొంతు దగ్గర్నుంచే వచ్చినట్టు ఉంటుంది. పిల్లలందరూ మాట్లాడుకునేటప్పుడు మాత్రం అది పనికిరాదు.

బడిపంతులమ్మ

మైక్ ఖర్చు, బడి ఒప్పుకోవడం తర్వాత సంగతి. ముందు సీటు చూడండి. మొదటి బెంచీ ఒక్కటే అడగొద్దు. బాబుకు కుడి చెవి లేదు కాబట్టి నల్లబల్ల వైపు తిరిగి కూర్చుంటే కుడి చేతి వైపు గోడ ఉండాలి. అప్పుడు బాగున్న ఎడమ చెవి టీచర్ వైపు, పిల్లల వైపు ఉంటుంది. ఎడమ చివర మొదటి బెంచీ ఇస్తే మంచి చెవి గోడ వింటుంది, చెడ్డ చెవి క్లాసు వైపు ఉంటుంది. రెండో వరస అయితే ఇంకా మేలు, ముందు వాళ్ళు మాట్లాడేదీ కనిపిస్తుంది. ఫ్యాన్ కిందా, రోడ్డు కిటికీ పక్కనా వద్దు. చాలా బళ్ళలో వారం వారం సీట్లు మారుస్తారు. మీ బాబుకు ఆ మార్పు వద్దని కాగితం మీద రాసివ్వండి, ఎందుకో కారణం కూడా రాయండి. ఏడాది మధ్యలో టీచర్ మారితే నోటిమాట పోతుంది.

డిక్టేషన్ చెప్పేటప్పుడు ఒకచోటే నిలబడి, పిల్లల వైపు తిరిగి చెప్పమనండి. బల్ల మీద రాస్తూ చెప్పే మాటలే ఎక్కువ పోతాయి.

కుప్పం_రైలు

తోటి పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. చెబితే "చెవిటోడా" అంటారు, చెప్పకపోతే పొగరు అనుకుంటారు. నేనైతే పక్కన కూర్చునే ఒక్క స్నేహితుడికి చెప్పేవాణ్ణి, వాడు నా మంచి చెవి వైపు కూర్చునేవాడు.

బడిపంతులమ్మ

నేను క్లాసు మొత్తానికి చెప్పడం మేలంటాను. నా అనుభవంలో చిన్న తరగతుల పిల్లలు తొందరగానే అలవాటు పడతారు. ఆరో తరగతి దాటితే మాత్రం మీ మాటే నిజం కావచ్చు, అప్పుడు పిల్లవాడినే అడిగి చేయాలి.

నగరి_నాన్న

సార్, ఇదంతా చదివాక మా పాప మీద కూడా అనుమానం వస్తోంది. బడిలో ఆరోగ్య పరీక్షలు చేశారు, వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగిందట. ఇంట్లో ఎలా చూడాలి?

చెవి_పరీక్ష_చిత్తూరు

రెండు చెవులూ తెరిచి ఉన్నప్పుడు చప్పట్లు కొడితే ఒక చెవి ఉన్న పిల్ల కూడా తిరుగుతుంది. ఒక్కో చెవిని విడిగా చూడాలి.

ఫ్యాన్, టీవీ ఆపేసి పాప వెనక చెయ్యి చాచినంత దూరంలో నిలబడండి, మీ పెదాలు కనిపించకూడదు. ఎడమ చెవి చూడాలంటే కుడి చెవి రంధ్రం ముందు ఉండే చిన్న మెత్తటి ఎముకను వేలితో లోపలికి నొక్కి, మెల్లగా గుండ్రంగా రుద్దుతూ ఉండండి. ఆ రాపిడి చప్పుడే కుడి చెవిని పనిలో పెడుతుంది, మేం హోరు పెట్టినట్టే. ఊపిరి పూర్తిగా వదిలేసి, గొంతు లేకుండా గుసగుసగా మూడు చెప్పండి, "నాలుగు, క, ఏడు" లాంటివి. పాప తిరిగి చెప్పాలి. తప్పితే వేరే మూడు చెప్పండి. ఆరింటిలో మూడైనా సరిగ్గా చెప్తే ఆ చెవి ఫర్వాలేదు. తర్వాత రెండో చెవి. ప్రతిసారీ మాటలు మార్చండి. ఒక చెవికి సునాయాసంగా చెప్పి రెండో దానికి తడబడితే పరీక్షకు తీసుకెళ్ళండి. అక్కడ మాస్కింగ్ చేస్తారా అని ముందే అడగండి. తక్కువ లోపాలు ఈ గుసగుసతో దొరకవు, కాబట్టి పాస్ అయినా బడిలో ఇబ్బంది కొనసాగుతుంటే ఎలాగూ పరీక్ష చేయించాల్సిందే.

రేణిగుంట_అమ్మ

సోమవారం టీచర్‌ని కలుస్తున్నాం. కాగితంలో కుడి వైపు గోడ, రెండో వరస, సీటు మార్చొద్దు, డిక్టేషన్ ఒకచోట నిలబడి చెప్పాలి అని రాశాను. వాళ్ళ బడిలో పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి గ్రూప్ యాక్టివిటీ చేస్తారు. అప్పుడు వాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టమనాలి మేడమ్?

బడిపంతులమ్మ

వాడి కుడి పక్కన ఎవరూ లేకుండా కూర్చోబెట్టమనండి. అంటే గుండ్రం పూర్తిగా మూయకుండా, వాడు ఒక చివర ఉండాలి. మాట్లాడే పిల్లవాడు చెయ్యి ఎత్తి మాట్లాడాలని రూల్ పెడితే ఎవరు మాట్లాడుతున్నారో కళ్ళతో పట్టుకుంటాడు. టీచర్ ఏమన్నారో ఇక్కడ రాయండి, ఒప్పుకోకపోతే హెడ్మాస్టర్‌కి ఎలా రాయాలో చూద్దాం.